ఫీజు మాఫీ సైకిలు

కార్డు స్టేట్‌మెంట్ వచ్చింది. వార్షిక ఫీజు 1,000, దాని మీద పన్ను. ఈ ఫీజు పడకూడదనే కదా నేను ఎక్సర్‌సైజ్ సైకిల్ కొన్నది!

ముందు లెక్క చెప్పాలి. అంకెలు గుండ్రంగా చెబుతాను, ఏ డబ్బుతో వేసుకున్నా తేలేది అదే. నా ఖర్చు నెలకి 4,000, ఏడాదికి 48,000. ఈ కార్డు 2 శాతం పాయింట్ల రూపంలో తిరిగిస్తుంది, అంటే 960. ఫీజు దాదాపు రాబట్టుకున్నట్టే కదా? కార్డు అంటగట్టిన కుర్రాడు కూడా అలాగే చెప్పాడు. అయితే నా దగ్గర అప్పటికే ఉన్న ఫీజు లేని కార్డు 1 శాతం ఇస్తోంది. అంటే కొత్తదాని వల్ల అదనంగా వచ్చేది 480, పోయేది 1,000. ఫీజు గిట్టాలంటే ఏడాదికి లక్ష ఖర్చు పెట్టాలి. నాలాంటి వాడి ఖర్చు లక్షకి చేరాలంటే రెండేళ్ల పైనే ఆగాలి, ఆలోగా రెండు ఫీజులు కట్టాలి. మొదటి ఏడాది స్వాగత పాయింట్లు ఇచ్చారు కాబట్టి ఇదేదీ కనబడలేదు. అవి ఇచ్చేదే కనబడకుండా ఉండటానికని నా అనుమానం.

ఇక ఆశ పెట్టిన వాక్యం ఒకటుంది: ఏడాదిలో 60,000 ఖర్చు చేస్తే ఫీజు మాఫీ. నాకు తక్కువపడింది 12,000. వచ్చే ఏడాది ఇన్సూరెన్స్ ముందే కట్టేద్దామనుకుంటే, ఇన్సూరెన్స్, అద్దె, ఇంధనం, వాలెట్‌లో వేసే డబ్బు లెక్కలోకి రావట. అలా 1,000 మిగుల్చుకోవడానికి 12,500 పెట్టి సైకిల్ ఆర్డర్ చేశాను. ఆరోగ్యం కూడా కలిసొస్తుందని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఏమన్నదో ఇక్కడ అనవసరం. గడువు చివరి రోజునే కొన్నాను, మెసేజ్ కూడా వచ్చింది. సైకిలూ వచ్చింది. ఫీజూ వచ్చింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. భాష ఎంచుకున్నాను, కార్డు నంబరు చివరి అంకెలు నొక్కాను, మళ్లీ నొక్కమంటే మళ్లీ నొక్కాను. తర్వాత సంగీతం. అదే రాగం తిరిగి మొదలైన ప్రతిసారీ ఎవరో ఫోన్ తీశారేమోనని 'హలో' అంటున్నాను. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని ఒక గొంతు మధ్యలో వచ్చి చెబుతోంది. ముఖ్యమైతే తీయొచ్చుగా! స్పీకర్ పెట్టి సైకిల్ ఎక్కాను. నా జీవితంలో ఆ సైకిల్‌కి దొరికిన మొదటి పని అదే. ఆయాసం వచ్చే సమయానికి ఒకమ్మాయి పలికింది.

"సార్, మీరు పరిగెడుతున్నారా?"

"కూర్చున్నానమ్మా. 60,000 దాటింది, ఫీజు ఎందుకు పడింది?"

కాసేపు కీబోర్డు చప్పుడు. "మీ ఖర్చు 48,000 సార్."

"మరి సైకిల్?"

"అది శుభవార్త సార్. ఆ 12,500 కొత్త ఏడాదిలో పడింది. ఈసారి టార్గెట్‌కి మీరు అప్పుడే మంచి స్టార్ట్ చేశారు."

నేను పెడల్ ఆపేశాను. ఆమె ఎంతో ఆనందంగా వివరించింది: కొన్న తేదీ కాదట, షాపు బిల్లు కార్డు ఖాతాలో పోస్ట్ అయిన తేదీ లెక్కట. కొన్ని ఆన్‌లైన్ షాపులు సరుకు పంపినప్పుడే డబ్బు లాగుతాయట. అంతవరకు యాప్‌లో 'పెండింగ్' అని బూడిద రంగులో ఉంటుందట. ఉంది, చూశాను, చక్కగా ఉందనుకున్నాను. ఏడాది కూడా జనవరి నుంచి కాదు, కార్డు ఇచ్చిన నెల నుంచట. వాపసు ఇస్తే ఆ ఖర్చు లెక్కలోంచి తీసేస్తారు, వచ్చిన పాయింట్లూ తీసేస్తారు. ఇవన్నీ నిబంధనల్లో ఉన్నాయట. ఉంటాయి, అక్షరాలు చీమ కాళ్లంత సైజులో.

"సరే, ఫీజు తీసేయండి. లేదంటే దీన్ని ఫీజు లేని కార్డుగా మార్చేయండి" అన్నాను. చాలా చోట్ల ఫీజు పడిన కొత్తలో గట్టిగా అడిగితే ఈ రెంటిలో ఒకటి చేస్తారని విన్నాను.

"మార్చే ఆప్షన్ ఉంది సార్." కీబోర్డు. "మీకు దీనికంటే పై కార్డుకి అర్హత ఉందని చూపిస్తోంది. ఫీజు 3,000."

"కిందికమ్మా, పైకి కాదు!"

"నా స్క్రీన్‌లో పైకి మాత్రమే ఉంది సార్. కిందికి వేరే డిపార్ట్‌మెంట్. కనెక్ట్ చేస్తాను, లైన్‌లో ఉండండి."

మళ్లీ అదే రాగం. సైకిల్ మీదే ఉన్నాను కదా, ఊరికే కూర్చోవడమెందుకని తొక్కడం మొదలుపెట్టాను. కాల్ కట్ అయింది. ఆ వెంటనే మెసేజ్: మా సేవకి పదికి ఎంత ఇస్తారు?