‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసే ముందు టైమ్ చూడండి

డెలివరీ రూట్లు వేసే పనిలో కొంతకాలం ఉన్నాను కాబట్టి, ఈ మెసేజ్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది: ‘మీ పార్సిల్ ఇవ్వడానికి ప్రయత్నించాం, కస్టమర్ అందుబాటులో లేరు.’ మధ్యాహ్నం పన్నెండింటికి ఫ్లాట్ తలుపు కొడితే ఉద్యోగం చేసే మనిషి ఎక్కడుంటారు? ఆఫీసులోనే ఉంటారు. ఆ టైమ్ పెట్టింది కంపెనీ, తప్పు మాత్రం కొన్నవాళ్ల ఖాతాలో పడుతుంది.

ఇంకా కోపం తెప్పించేది రెండో ప్రయత్నం. చాలా చోట్ల రోజూ ఒకే వరసలో రూట్ నడుస్తుంది. నిన్న పన్నెండింటికి ఆ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన బండి రేపూ దాదాపు అదే టైమ్‌కి వస్తుంది. నిన్న లేని మనిషి రేపెలా ఉంటారు? మూడోసారీ అంతే, ఆ తర్వాత సరుకు వెనక్కి పోతుంది. డెలివరీ హిస్టరీ తెరిచి, ఫెయిలైన ప్రయత్నాలన్నీ ఒకే గంటలో ఉన్నాయా అని చూడండి. ఉంటే లోపం స్లాట్‌లోనే ఉంది. మొదటిసారి పగలు కుదరకపోతే రెండోసారి సాయంత్రానికి మారాలి. తేదీ ఒక్కటే మారిస్తే లాభం లేదు.

అసలు స్లాట్‌ని రోడ్డు మీద దూరం చూసి లెక్కేయడమే పొరపాటు. గేట్ దగ్గర నుంచి లెక్క మొదలవ్వాలి. ఒక గేటెడ్ అపార్ట్‌మెంట్‌కి 18 పార్సిళ్లు ఉన్నాయనుకుందాం. గేట్ దగ్గర ఎంట్రీకి పది నిమిషాలు. లిఫ్ట్ కోసం ఆగడం, బెల్ కొట్టడం, ఓటీపీ తీసుకోవడం కలిపి ఫ్లాట్‌కి నాలుగు నిమిషాలు వేసుకుంటే 72. మొత్తం 82 నిమిషాలు. సాయంత్రం గేట్ దగ్గర ఫుడ్ డెలివరీ వాళ్ల క్యూ కూడా ఉంటుంది, దానికి ఇంకో పదిహేను కలపండి. అయినా రెండు గంటల్లో అయిపోతుంది. అంటే ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అని ధైర్యంగా మాట ఇవ్వొచ్చు. మరి ‘ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది లోపు’ అని ఎందుకు రాస్తారు? అది స్లాట్ కాదు, మనిషిని రోజంతా ఇంట్లో కట్టేయడం.

స్లాట్ సరిగ్గా ఉన్నా గేట్ దగ్గర ఇంకో చిక్కుంది. సెక్యూరిటీ అప్రూవల్ అడిగే ఫోన్ మీటింగ్‌లో ఉన్నవాళ్లకి వెళ్తుంది, వాళ్లు ఎత్తరు, బండి వెనక్కి పోతుంది. ముందే పాస్ ఇచ్చే వీలున్న చోట కూడా ఆ పాస్ గడువు గంటే అయితే, బండి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, అది చెల్లదు. అందుకే స్లాట్ ఎంతుందో పాస్ గడువూ అంతకంటే కాస్త ఎక్కువ ఉండాలి. కొన్ని సొసైటీలు రాత్రి ఫలానా టైమ్ దాటితే డెలివరీ వాళ్లని లోపలికి పంపవు. అలాంటిచోట ఆ టైమ్‌కి అరగంట ముందే స్లాట్ ముగియాలి.

ఆఫీసు లెక్క వేరు. చాలా ఆఫీసుల్లో ఉద్యోగుల సొంత పార్సిళ్లని రిసెప్షన్ వాళ్లు తీసుకోరు, మనిషే కిందికి రావాలి. పొద్దున్నే వెళ్తే సగం మంది ఇంకా దారిలో ఉంటారు, లంచ్ టైమ్‌లో సీట్లో ఉండరు. పదకొండు నుంచి పన్నెండున్నర, లేదా మూడు నుంచి నాలుగున్నర సరిపోతుంది. ఒకే బిల్డింగ్‌లో పది మంది ఉంటే ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఆరేసి నిమిషాలు నిలబడితే గంట పోతుంది. ఇరవై నిమిషాల ముందే అందరికీ ఒకేసారి ‘ఫలానా గేట్ దగ్గర ఉంటాను’ అని మెసేజ్ పెడితే దాదాపు అందరూ ఒకేసారి దిగుతారు. అరగంటలోపే పని అయిపోతుంది. అడ్రస్ ‘ఆఫీస్’ అని పెట్టుకున్నవాళ్ల పార్సిల్‌ని సెలవు రోజున తీసుకెళ్లి తాళం చూసి రావడం మాత్రం నాకు అస్సలు అర్థం కాదు. ఆ వివరం అడిగి తీసుకునేది దేనికి?

కొనేవాళ్లు కూడా ఆర్డర్ పెట్టేటప్పుడే చూసుకోండి. ఓటీపీ చెప్పాల్సినవి, డబ్బు కట్టాల్సినవి, విప్పి చూసుకోవాల్సినవి సాయంత్రం ఇంటికే పెట్టుకోండి. చేతిలో పట్టే చిన్నవి ఆఫీసుకి ఫర్వాలేదు. పెద్ద పెట్టెతో మీరు ఇంటికెలా వెళ్తారు?

సాయంత్రం స్లాట్ అనగానే కంపెనీలు పొద్దున్న ఎనిమిదికి వచ్చిన కుర్రాడినే రాత్రి తొమ్మిది దాకా తిప్పుతాయి. ఇది నేను ఒప్పుకోను. సాయంత్రం రూట్ తీసుకునేవాళ్ల డ్యూటీ పదకొండుకి మొదలవ్వాలి: ముందు ఆఫీసులు, మధ్యలో విశ్రాంతి, చివర అపార్ట్‌మెంట్లు. గేట్ దగ్గర వాళ్లు నిలబడే నిమిషాలకి కూడా జీతం లెక్కకట్టాలి.