ఆ నోటుబుక్కు క్లాస్ లీడర్ దగ్గరే ఉండనివ్వండి

తోటి పిల్లల తగువులు తీర్చడానికి విద్యార్థులకు శిక్షణ ఇద్దామని ఏ బడిలో అన్నా, ‘క్లాస్ లీడర్లున్నారు కదా, వాళ్లకే ఇద్దాం’ అంటారు. అక్కడే పని చెడుతుంది. లీడర్ అంటే పేర్లు రాసి సారుకిచ్చేవాడు. వాడి ముందు ఎవరూ నిజం చెప్పరు.

హనుమకొండ వైపు ఒక గురుకుల హాస్టల్ అనుకుందాం. పొద్దున్నే నల్లా కాడ బకెట్ల లైను. తొమ్మిదో తరగతి అమ్మాయి బకెట్‌ను ఇంకొకామె వెనక్కి జరిపింది. ఈమె వచ్చి ఆమె నీళ్లు పారబోసింది. మూడు రోజులుగా మాటల్లేవు. వీళ్ల మధ్య పదో తరగతి అమ్మాయిలు ఇద్దరు కూర్చుంటారు, ఎవరికీ దగ్గరి స్నేహితులు కానివాళ్లు. తగువు పడ్డ ఇద్దరూ ఇష్టపడితేనే కూర్చోవడం. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురాకూడదు. ఇక్కడి మాట బయటికి పోదు, ఎవరికైనా హాని ఉందని తెలిస్తే తప్ప.

‘ఎందుకు చేసినవ్?’ అని అడగరు. ఆ ప్రశ్నకు సాకే జవాబుగా వస్తుంది. ‘అప్పుడు ఏమైంది?’ అని అడిగి, విన్నది తిరిగి చెప్తారు: ‘బకెట్ జరిపినందుకు కాదు, అందరూ నవ్వినందుకు బాధైందా?’ ఆమె ‘అవును’ అనేదాకా ముందుకు పోరు. అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఆ రోజు ఆమెకు గది ఊడ్చే వంతు. బకెట్ పెట్టి ఊడ్వడానికి పోయింది. మనిషి లేని బకెట్‌కు లైనులో చోటు లేదన్నది రెండో ఆమె లెక్క. ఎవరి లెక్కలో వాళ్లు సరే. ఊడ్చే వంతున్న రోజుల్లో ఎవరు బకెట్ దగ్గర నిలబడాలో కాగితం మీద రాసుకుంటారు. వారం తర్వాత మళ్లీ అడుగుతారు. కాగితంలో ‘ఇకనుంచి మంచిగుంటం’ అని మాత్రమే ఉంటే తగువు తీరనట్టే.

పిల్లలకేం తెలుసనే టీచర్లున్నారు. తీర్పు చెప్పమంటే నిజంగానే తెలియదు. ఇక్కడ అడుగుతున్నది అది కాదు. కానీ కొట్టడం, వేధింపు, కులం పేరుతో తిట్టడం వీళ్ల ముందుకు రానే కూడదు. లైంగిక వేధింపైతే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు తప్పనిసరి. ఒకామె జవాబిచ్చే ముందు రెండో ఆమె ముఖం చూస్తోందంటే, అన్నిటికీ ఒప్పుకుంటోందంటే, అక్కడ భయముంది. ఆ కూర్చోబెట్టడం వెంటనే ఆపి టీచర్‌కు చెప్పాలి.

నిజానికి తగువంటే తీర్పు చెప్పడమే అనుకునే ఈ జబ్బు బడిది కాదు, మనది. మన దగ్గర తగువునూ పంచాయితీ అంటాం, తీర్చడాన్నీ పంచాయితీ అంటాం. పెద్దమనుషులు తప్పు ఎవరిదో తేల్చి జరిమానా వేస్తారు, ఇద్దరూ తల వంచుతారు, అదే లొల్లి మళ్లీ పొలం గట్టు మీద లేస్తుంది. మధ్యవర్తి ఏ ఒప్పందాన్నీ రుద్దకూడదని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టమే చెప్తోంది. మనకింకా పైనుంచి చెప్పేవాడే కావాలి.

అందుకే ఆ పదో తరగతి అమ్మాయిలకు బ్యాడ్జీ కూడా ఇవ్వొద్దు. పేర్లు రాసే నోటుబుక్కు వాళ్ల చేతికి వచ్చిన రోజే, నల్లా కాడి పిల్లలు వాళ్లతో ఊడ్చే వంతు సంగతి చెప్పడం మానేస్తారు.