‘టైపు’ మారిస్తే కథ మారుతుందా?

“ప్రతిసారీ అలాంటివాళ్ళే తగులుతున్నారంటే లోపం నీ ఎంపికలోనే ఉంది. చిన్నప్పుడు నాన్న ఎలా ఉండేవారో అలాంటి మనిషినే మనసు వెతుక్కుంటుంది. ఈసారి పూర్తిగా వేరే టైపు మనిషిని చూసుకో, అన్నీ సర్దుకుంటాయి.”

వరుసగా ప్రేమ బంధాలు చెడిపోయినవాళ్ళకు చాలామంది ఇచ్చే సలహా ఇది. ఇందులో మొదటి మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. 2019లో యూబిన్ పార్క్, జెఫ్ మెక్‌డొనాల్డ్ అనే టొరంటో పరిశోధకులు జర్మనీలోని ఒక దీర్ఘకాలిక సర్వే తీసుకుని 332 మందికి ఉన్న పాత, కొత్త భాగస్వాముల స్వభావాలను పోల్చి చూశారు. ఆ భాగస్వాములు తమ గురించి తామే ఇచ్చిన జవాబులవి. పోలిక నిజంగానే కనిపించింది. అయితే స్వభావాలు కాస్త కలవడం వేరు, ప్రతి బంధమూ ఒకేలా చెడిపోవడం వేరు. పైగా మనం మనుషులను ఎక్కడినుంచి ఎంచుకుంటున్నాం? అదే కాలేజీ, అదే ఆఫీసు, అదే స్నేహితుల గుంపు. అక్కడ దొరికేవాళ్ళే ఒకరినొకరు పోలి ఉంటారు. దాన్ని మన మనసు లోతుల్లోని రహస్యంగా చూడనక్కర్లేదు.

నాన్న సంగతికి వస్తే, పసిపిల్లల అనుబంధాలపై జరిగిన పరిశోధనను సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ 1987లో పెద్దల ప్రేమకు అన్వయించారు. చిన్నతనం మనలో కొన్ని ఆశలూ భయాలూ మిగులుస్తుందన్నది నిజమే. కానీ జనం చెప్పుకుంటున్న తీరులో అది ఎప్పటికీ ఓడిపోని వాదం అయిపోయింది. అతను నాన్నలా ఉంటే ‘చూశావా’ అంటారు, పూర్తి విరుద్ధంగా ఉంటే ‘నాన్న మీద కోపంతో ఎంచుకున్నావ్’ అంటారు. ఎలా ఉన్నా నిజమయ్యే మాట మనకు ఏ దారీ చూపించదు.

ఇంతకంటే దగ్గరి కారణం ఒకటుంది. మనస్తత్వవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో ప్రచురించిన పావురాల ప్రయోగాల్లో, గింజ ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు పక్షులు మీటను పట్టు వదలకుండా పొడుస్తూనే ఉండేవి. గింజలు ఆపేశాక కూడా చాలాసేపు మానేవి కావు. వారం రోజులు మెసేజ్ పెట్టకుండా, తర్వాత ఒక రాత్రంతా ప్రేమగా మాట్లాడే మనిషి దగ్గర మనకు కలిగే టెన్షన్ ఈ కోవకే చెందుతుంది. ఆ ఎదురుచూపునే గాఢమైన ప్రేమ అనుకుంటాం. రోజూ చెప్పిన టైముకి ఫోన్ చేసే మనిషి చప్పగా అనిపిస్తాడు. ఎంతో ప్రేమగల తండ్రి దగ్గర పెరిగిన అమ్మాయి కూడా ఇందులో చిక్కుకోగలదు.

ఇక టైపు మార్చమనే సలహా. ఎక్కువ నష్టం చేసేది ఇదే.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒకమ్మాయి ఉందనుకుందాం. మొదటివాడు మాటకారి, పార్టీల మనిషి. రెండోవాడు మితభాషి, పుస్తకాల పురుగు. మూడోది పెద్దలు బయోడేటా చూసి కుదిర్చిన సంబంధం. ముగ్గురికీ పోలిక లేదు. కానీ క్రమం చూడండి. అతను ఆలస్యంగా వస్తే ఆమె “పర్లేదు” అంటుంది. తన ప్లాన్ మానుకుని అతని వీలును బట్టి సర్దుకుంటుంది. ఏమీ అడగదు, అడగకుండానే అతనే అర్థం చేసుకోవాలనుకుంటుంది. నిజంగానే ఏ ఇబ్బందీ లేదని అతను నమ్మేస్తాడు. ఆరు నెలలకు ఏదో చిన్న విషయం దగ్గర అంతా ఒక్కసారిగా బయటపడుతుంది. “నువ్వు మారిపోయావ్” అని అతను దూరం జరుగుతాడు. “మళ్ళీ పట్టించుకోని మనిషే దొరికాడు” అని ఆమె అనుకుంటుంది. నాలుగోవాడు ఏ టైపు అయినా ఆ “పర్లేదు” ఆమెతోనే వెళ్తుంది. మాథ్యూ జాన్సన్, ఫ్రాంజ్ నేయర్ అనే పరిశోధకులు 2019లో ఇలాంటిదే గమనించారు: పాత బంధం చెడకముందు ఉన్న రోజులతో పోలిస్తే, కొత్తది కుదురుకున్నాక కూడా సంతృప్తి, మనసు విప్పి మాట్లాడుకోవడం లాంటివి చాలావరకు మునుపటిలాగే ఉన్నాయి.

దీన్ని పట్టుకుని దెబ్బలు తిన్నవాళ్ళను “నీదే తప్పు” అనేవాళ్ళంటే నాకు కోపం. కొట్టేవాడు, బెదిరించేవాడు మొదట్లో చాలా మంచిగానే ఉండొచ్చు. అక్కడ బాధ్యత పూర్తిగా అతనిదే. ఆమెకు కావలసింది భద్రత. మహిళా హెల్ప్‌లైన్ 181.

మిగతా సందర్భాల్లో, పాత బంధాల గురించి ‘ఎలాంటి మనిషి’ అని రాసుకోవడం కన్నా, వరుసగా ఏం జరిగిందో రాసుకోవడం మేలు. మొదటిసారి మనసు నొచ్చినప్పుడు నేను ఏమన్నాను? మౌనం తర్వాత ముందుగా మెసేజ్ పెట్టింది ఎవరు? కొత్త పరిచయంలోనైతే రెండో మూడో వారంలోనే చిన్న కోరిక ఒకటి సూటిగా అడగాలి: “ఆలస్యమైతే ముందే చెప్పు.” ఆ ఒక్కరోజు “సారీ” చెప్పడం లెక్కలోకి రాదు. తర్వాతి రెండు మూడు వారాల్లో అలవాటు మారిందో లేదో చూడాలి. మారితే ఇబ్బంది మన మౌనంలో ఉన్నట్టు. స్పష్టంగా అడిగినా మారకపోతే, ఆరు నెలలు ఆగకుండా అప్పుడే బయటికి రావచ్చు.