రత్లున్ జైతనా, రత్లు జైతినా?

"రత్లున్ జైతన్ అన్నా, రత్లు జైతిన్ అన్నా ఒక రత్లు నూనే కదా. మరి కొలిచిన వస్తువేదో చెప్పే ఈ తమ్‌యీజ్‌కి, 'అన్' అని ముగిసే నస్బ్ విభక్తి ఎందుకు?" అరబీ తరగతిలో ఒక విద్యార్థిని అడిగింది. ఇద్దరు ఉస్తాద్‌లు చెరో పక్షం పట్టారు.

ఇజాఫత్ పక్షం: అక్కర్లేదనే నేనంటాను. రత్లు జైతిన్ అని రెండు నామాలనూ జతచేసి ఇజాఫత్ కట్టండి, లేదా 'నుంచి' అనే మిన్ చేర్చి రత్లున్ మిన్ జైతిన్ అనండి. బజారులో ఎవరికీ అనుమానం రాదు. మూడో దారి పరీక్షల కోసం తప్ప దేనికి?

నస్బ్ పక్షం: రత్లు తూకం కాబట్టి మీ మాట చెల్లింది. పాత్ర పేరు తీసుకోండి, సాబ్. కూబు లబనిన్ అంటే గ్లాసులో పాలున్నాయా, లేక అది పాలు తాగే ఖాళీ గ్లాసా? రెండూ కావచ్చు. కూబున్ లబనన్ అంటే గ్లాసెడు పాలే. తెలుగులో మనం 'పాల గ్లాసు కడుగు' అంటాం, 'గ్లాసు పాలు తాగు' అంటాం. మనకు మాటల వరుస చేసే పనిని అక్కడ చివరి అచ్చు చేస్తుంది.

విద్యార్థిని: నస్బ్ అంటే మన ద్వితీయలాంటిదే కదా, ఉస్తాద్? అంటే 'పాలను'. మరి తాగడమో పోయడమో, క్రియ ఎక్కడ?

నస్బ్ పక్షం: క్రియ కోసం వెతకొద్దమ్మా, ఇక్కడ పాలు కర్మ కాదు. కూబున్ చివర తన్వీన్, అంటే ఆ 'న్' ధ్వని, ఉంది చూశావా, దాంతో ఆ మాట మూతపడింది. ఇక వెనక మాటతో ఇజాఫత్ కుదరదు. కానీ 'దేంతో నిండిన గ్లాసు?' అన్న ప్రశ్న మిగిలింది. ఆ మసకను తీర్చే మాట నస్బ్‌లో వస్తుంది. ఆ నస్బ్ ఇచ్చేది కొలత మాటే. ద్వివచనంలో తన్వీన్ బదులు నూన్ ఆ పని చేస్తుంది: మనవాని అసలన్, రెండు మనుల తేనె. ఇజాఫత్ కట్టావో, ఆ నూన్ రాలిపోయి మనవా అసలిన్ అవుతుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే, నూన్ ఉంచేసి వెనక 'ఇన్' పలుకుతారు.

ఇజాఫత్ పక్షం: పాత్రల విషయం ఒప్పుకుంటాను. కానీ అక్కడా మిన్ పెడితే సరిపోతుందిగా?

నస్బ్ పక్షం: సరిపోతుంది. ఖుర్ఆన్‌లో ఆలె ఇమ్రాన్ సూరా 91వ ఆయతులో మిల్ఉల్ అర్ది జహబన్ అని ఉంది, భూమి నిండా బంగారం. మిల్ఉ అప్పటికే అర్ద్‌తో ఇజాఫత్ కట్టేసుకుంది, మరో ఇజాఫత్‌కు చోటు లేదు. మీ మొదటి దారి మూసుకుపోయింది, మిన్ మాత్రం మిగిలింది. జిల్‌జాల్ సూరాలోని మిస్‌కాల జర్రతిన్ ఖైరన్ కూడా ఇదే అచ్చు. సంఖ్యల దగ్గరికి రండి. యూసుఫ్ 4వ ఆయతు: అహద అషర కౌకబన్, పదకొండు నక్షత్రాలు. 11 నుంచి 99 వరకు ఏకవచనం, నస్బ్, అంతే. అక్కడ మిన్ కౌకబిన్ అనలేరు. మిన్ కావాలంటే మినల్ కవాకిబ్ అని బహువచనానికి మారాలి.

ఇజాఫత్ పక్షం: 3 నుంచి 10 వరకు, 100కి, 1000కి ఇజాఫతే కదా! మిఅతు రజులిన్‌లో ఏ మసకా లేదు. కాబట్టి నస్బ్ స్పష్టత కోసం కాదు, మాట కట్టుబడి వల్ల వచ్చింది.

నస్బ్ పక్షం: సంఖ్యల వరకు మీ మాటలో బలముంది. పాత్రల దగ్గర మాత్రం అర్థమే మారుతోంది.

ఇజాఫత్ పక్షం: మారుతుంది సరే, కాగితం మీద కనిపిస్తుందా? అచ్చుల గుర్తులైన హరకత్‌లు లేని పుస్తకంలో లబనన్ చివర అలిఫ్ ఉంటుంది, పట్టుకుంటాం. వెండి రాయండి, ఫిద్దతన్. చివర గుండ్రటి తా ఉంది, అలిఫ్ రాదు. నీళ్ళకూ, మాఅన్‌కూ, అంతే. అక్కడ మీ స్పష్టత పాఠకుడి ఊహలోనే ఉంటుంది.

నస్బ్ పక్షం: అందుకే అలాంటి చోట నేనూ తన్వీన్ గుర్తు పెట్టి రాస్తాను, లేదా మిన్ వాడతాను. ఇంకో జాగ్రత్త, నస్బ్ కనబడగానే తమ్‌యీజ్ అనేయకూడదు. జాఅ రాకిబన్ అంటే స్వారీ చేస్తూ వచ్చాడని. అది వచ్చిన తీరు చెబుతుంది, కాబట్టి హాల్. 'దేనిది?' అని అడిగితే జవాబు వస్తేనే తమ్‌యీజ్.

విద్యార్థిని: మరి కహఫ్ సూరా 25లో 300 ఏళ్ళు? అక్కడ సినీన బహువచనం. 100 తర్వాత ఏకవచనం రావాలిగా?

ఇజాఫత్ పక్షం: ఖుర్ఆన్ పఠన నిపుణులైన ఖారీల్లో హమ్జా, కిసాయీ తన్వీన్ లేకుండా మిఅతి సినీన అని ఇజాఫత్‌గా చదివారు. నా పక్షమే.

నస్బ్ పక్షం: మిగతా చాలామంది ఖారీలు మిఅతిన్ అని తన్వీన్‌తో చదివారు. అప్పుడు సినీన తమ్‌యీజ్ కాదు, ముందున్న సంఖ్యకు బదులుగా నిలిచే మాట, బదల్ అని నేనంటాను. తమ్‌యీజే అన్నవాళ్ళూ ఉన్నారు. సినీన రూపం నస్బ్‌లోనూ, ఇజాఫత్‌లో వెనక మాటకు వచ్చే జర్‌లోనూ ఒకటే, కాబట్టి చివరి అచ్చు చూసి తేల్చలేం.