భక్తి ఛానెల్‌కు ఆ మూడు సూత్రాలు పనికిరావు

"యూట్యూబ్‌లో భక్తి ఛానెల్ నడిపేవాళ్లకు అనలిటిక్స్ చెప్పేది మూడే ముక్కలు. తెల్లవారుజామున 5 గంటలకే అప్‌లోడ్ చెయ్యండి. వీడియో 3 నిమిషాలు దాటనివ్వకండి. ఏ టాపిక్‌కు వ్యూస్ ఎక్కువ వస్తే అదే మళ్లీ మళ్లీ చెయ్యండి."

ఇలాంటి సలహా మాకూ వినబడింది. మా బావమరిది కడపలో చిన్న భక్తి ఛానెల్ నడుపుతాడు, దాని లెక్కలు చూసేది నేను. చివరి ముక్కతోనే మొదలుపెడతాను, మేం దెబ్బతిన్నది అక్కడే కాబట్టి.

2025లో ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం ఏప్రిల్ 11న జరిగింది. అక్కడ కల్యాణం రాత్రిపూట ఎందుకు చేస్తారో చెప్పే వీడియో వారం ముందు పెట్టాం. పది రోజుల్లో 40 వేల వ్యూస్ వచ్చాయి. మావాడు పొంగిపోయి మే, జూన్ నెలల్లో ఒంటిమిట్ట మీదే ఇంకో మూడు చేశాడు. ఒక్కటీ 900 దాటలేదు. "యూట్యూబ్ మనల్ని తొక్కేస్తోంది బావా" అని ఒకటే టెన్షన్.

ఎవరూ తొక్కలేదు. మొదటి వీడియోకు జనం ఎక్కడినుంచి వచ్చారో చూస్తే, ఎక్కువమంది సెర్చ్ నుంచే. వాళ్లు కొట్టిన మాటలు కూడా అక్కడే కనిపిస్తాయి: కల్యాణం ఎప్పుడు, ఎన్ని గంటలకు. కల్యాణం అయిన మూడోరోజుకు వ్యూస్ గీత నేలకు దిగిపోయింది. జనం వచ్చింది తిథి కోసం. ఆ వీడియోను మళ్లీ చెయ్యొచ్చు, కానీ వచ్చే ఏడు, కల్యాణానికి వారం ముందు. రెండేళ్లను పోల్చేటప్పుడు కూడా ఇంగ్లీషు తేదీలు పెట్టుకుంటే మోసపోతాం. 2024లో కల్యాణం ఏప్రిల్ 22న వచ్చింది. ఏప్రిల్ మొదటి పదిహేను రోజులను పక్కపక్కన పెడితే 2024 ఉత్తి దండగ సంవత్సరంలా కనిపిస్తుంది. కల్యాణం రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

ఇదే ఛానెల్‌లో ఎవరూ పట్టించుకోని వీడియో ఒకటి ఉంది: శనివారం వేంకటేశ్వరస్వామికి పిండి దీపం పెట్టడం ఎలా. నెలకు 1,200 వ్యూస్, అంతే. కానీ 90 రోజుల గ్రాఫ్ తెరిస్తే రంపం పళ్లలా వారానికొకసారి లేస్తుంది, పండగతో పనిలేదు. తోబుట్టువులు కావాల్సింది ఈ వీడియోకు.

ఇక 3 నిమిషాల మాట. 3 నిమిషాల వీడియోను సగటున 60 శాతం చూస్తే అది 1 నిమిషం 48 సెకన్లు. 12 నిమిషాల వీడియోను 35 శాతమే చూసినా 4 నిమిషాలు దాటుతుంది. శాతం ఒక్కటే చూసేవాళ్లకు మొదటిదే గొప్పగా కనిపిస్తుంది. పైగా స్తోత్రం పెట్టుకునేవాళ్లు ఫోన్‌ను దేవుడి గూట్లో ఆనించి పూజ చేసుకుంటారు, తెర వైపు చూడరు. విష్ణు సహస్రనామాన్ని 3 నిమిషాల్లో ఎవరు కోరతారు? స్తోత్రాన్ని స్తోత్రంతోనే, పూజా విధానాన్ని పూజా విధానంతోనే పోల్చాలి.

నిడివి కంటే, వీడియోలో ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గీత ఆకారం ఎక్కువ చెబుతుంది. మా పిండి దీపం వీడియోలో మొదటి 30 సెకన్లు శంఖం, లోగో, నమస్కారాలు. అక్కడే పాతికమందికి పైగా జారిపోయారు, వందకి. తర్వాత బియ్యప్పిండి, బెల్లం కొలతలు చెప్పే చోట గీత పైకి లేచింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నారన్నమాట. శంఖం తీసేసి కొలతలు ముందుకు తెచ్చాం, నిడివిని ముట్టుకోలేదు.

5 గంటల సంగతి. ప్రేక్షకులు ఏ వేళ ఉంటారో చూపే ఊదారంగు చార్టు గత 28 రోజులది. వాళ్లు యూట్యూబ్‌లో ఎప్పుడు ఉన్నారో చెబుతుంది, మీ వీడియో ఎప్పుడు చూశారో కాదు. అప్‌లోడ్ వేళ వీడియో దీర్ఘకాల ఫలితాన్ని నేరుగా మారుస్తుందనడానికి ఆధారం లేదని యూట్యూబే చెబుతోంది. లైవ్ పెట్టేవాళ్లకు మాత్రం వేళ ముఖ్యమే. పూజా విధానానికైతే సామాన్లు కొనక ముందే అందాలి, శనివారం తెల్లవారుజామున పెడితే ఏం లాభం?

ఇంకో చిక్కుంది. రోజువారీ గ్రాఫ్‌లో తేదీ మన తేదీ కాదు, అమెరికా పసిఫిక్ టైమ్‌ది. అందులో శుక్రవారం మన శుక్రవారం మధ్యాహ్నం 12:30కి మొదలై శనివారం 12:30కి ముగుస్తుంది, చలికాలంలో 1:30కి. పిండి దీపం వీడియో రంపంలో ప్రతి పన్నూ శుక్రవారం మీదే నిలబడింది, మన శనివారం ఉదయం చూసినవాళ్లు కూడా అందులోనే పడతారు కాబట్టి. అది చూసి మావాడు శుక్రవారం లక్ష్మీపూజ వీడియోలు ఆరు రాసిపెట్టుకున్నాడు.