ప్రశ్న లేని స్క్రీన్‌షాట్‌కి తొందరపడి జవాబు చెప్పకండి

కాలనీ గ్రూపుల్లో, బంధువుల గ్రూపుల్లో ఎవరైనా ఫోన్ సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ పెట్టి ఊరుకుంటే, వెంటనే రెండు రకాల స్పందనలు వస్తాయి. కొందరు ‘ప్రశ్నేంటండీ?’ అని విసుక్కుంటారు. ఇంకొందరు ఫోటోలో కనిపించే అడ్డంకిని ఎలా దాటాలో టకటకా చెప్పేస్తారు. నా అభ్యంతరం ముఖ్యంగా ఈ రెండో రకం వాళ్ల మీదే. వాళ్లు మంచివాళ్లే, సాయం చేయాలనే చూస్తారు. కానీ కొన్ని స్క్రీన్లకు చెప్పే సరైన జవాబు మనిషి బ్యాంకు ఖాతాను దొంగ చేతిలో పెడుతుంది. అలాంటి స్క్రీన్ ఒకటి మా పటమట గ్రూపులోకి వచ్చింది. దాన్నే వివరంగా చెబుతాను.

పెట్టినాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఫోటో కింద ఒక్క మాట కూడా రాయలేదు. అందులో ఉన్నది Accessibility లోపలి పేజీ, దాని మీద ఒక చిన్న పెట్టె. పెట్టెలో పైన Restricted setting అని, కింద ‘For your security, this setting is currently unavailable’ అని ఉంది. వెనకాల జాబితాలో ఒక యాప్ పేరు బూడిద రంగులోకి మారిపోయి, దాని కింద సన్నటి అక్షరాల్లో Controlled by Restricted Setting అని కనిపిస్తోంది. ఆ యాప్ పేరు RTO Challan.

నేను చూసేసరికే ఒక కుర్రాడు జవాబిచ్చేశాడు. ‘సర్, సెట్టింగ్స్‌లో Apps కి వెళ్లి, ఆ యాప్ ఓపెన్ చేసి, పైన మూడు చుక్కలు నొక్కండి. Allow restricted settings అని వస్తుంది. అది నొక్కితే పనైపోతుంది.’ కింద ఇద్దరు బొటనవేలు గుర్తు కూడా పెట్టారు. సాంకేతికంగా అతను చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నాకు కంగారు పుట్టింది అందుకే.

అసలు ఆ పెట్టె ఎందుకు వస్తుందో చూద్దాం. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ అడ్డు ఉంది. ప్లే స్టోర్ లాంటి యాప్ స్టోర్ నుంచి కాకుండా, వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ నొక్కో, బ్రౌజర్‌లో దించుకునో యాప్ వేసుకుంటే, ఆ యాప్‌కి రెండు పెద్ద అధికారాలు ఇవ్వనివ్వకుండా ఫోన్ ఆపుతుంది. ఒకటి యాక్సెసిబిలిటీ, రెండోది నోటిఫికేషన్లు చదివే అధికారం. యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించే యాప్‌ల కోసం, చేతులు సరిగా కదపలేనివాళ్ల తరఫున బటన్లు నొక్కే యాప్‌ల కోసం పెట్టింది. అంటే ఆ అధికారం ఉన్న యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు నొక్కగలదు. మంచి యాప్‌కి అది వరం. దొంగ యాప్‌కి ఇస్తే, మీరు పక్కన టీ తాగుతుండగానే అది మీ ఫోన్ నడిపిస్తుంది.

మూడు చుక్కల్లో ఉండే Allow restricted settings ఆ అడ్డును తీసేసే బటన్. మామూలుగా అది అక్కడ కనిపించదు. ఒకసారి యాక్సెసిబిలిటీ ఇవ్వబోయి, ఈ పెట్టె వచ్చి ఆగాకే కనిపిస్తుంది. నొక్కితే ఫోన్ లాక్ పిన్ కూడా అడుగుతుంది. దొంగ యాప్‌లు చేసినవాళ్లకి ఇదంతా తెలుసు. అందుకే మెట్టు మెట్టుకీ బొమ్మలు గీసి చూపించే పేజీ ఒకటి యాప్‌లోనే పెడతారు. మాస్టారు ఆ బొమ్మల్లో చివరి మెట్టు అర్థంకాక మన గ్రూపులో అడిగారు. మన కుర్రాడు, తెలియకుండానే, వాళ్లు ఆపిన చోటు నుంచి అందుకున్నాడు.

నేను గ్రూపులో ‘మాస్టారూ, ఏమీ నొక్కకండి, ఫోన్ చేస్తున్నా’ అని రాసి, వెంటనే కాల్ చేశాను. అడిగింది ఒక్కటే: ‘ఏం చేద్దామని ఈ పేజీలోకి వెళ్లారు?’

‘స్కూటర్‌కి చలానా పడిందటయ్యా. వివరాలు చూసుకోమని ఫైల్ వచ్చింది. నొక్కితే ఇదేదో అడుగుతోంది.’

‘ఎవరు పంపారండీ?’

‘మన పాత హెడ్ మాస్టారే. ఆయన నంబరే.’

ఆ వారమే బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడుతుండగా దాటానేమోనన్న అనుమానం ఆయనకి ఉంది. పైగా తెలిసిన మనిషి నంబర్ నుంచి వచ్చింది. నమ్మకుండా ఎలా ఉంటారు? ఇక్కడ మాస్టారిని తప్పుపట్టడానికి నాకేమీ కనిపించలేదు. ప్రశ్న రాయలేదని ఆయన మీద విసుక్కున్నవాళ్లకి కూడా ఇదే చెబుతున్నాను. ఏ పేజీలో ఉన్నారో, దాని పేరేంటో, తను ఆగిపోయింది దేని దగ్గరో తెలియని మనిషి ప్రశ్న ఎలా రాస్తాడు? ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పెట్టడమే ఆయన చేయగలిగిన అత్యంత నిజాయితీ గల ప్రశ్న. ఆయన వెతుకుతున్నది చలానా. ఆ పేజీతో ఆయనకి పనే లేదు. కాబట్టి జవాబు కూడా చలానా గురించే ఉండాలి.

చలానా నిజంగా ఉందో లేదో చూడటానికి ఏ ఫైలూ అక్కర్లేదు. echallan.parivahan.gov.in అని బ్రౌజర్‌లో మనమే టైప్ చేసుకుని, బండి వివరాలు ఇస్తే ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. అది కూడా ఫోన్ శుభ్రం చేశాకే చూశాం. ఏ చలానా లేదు.

శుభ్రం చేయడం అంటే ఏం చేశామో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పెట్టె దగ్గర ఆగిపోయాం కదా, ఇక ప్రమాదం లేదు అనుకోవడం పొరపాటు. ఆండ్రాయిడ్ 13, 14లో ఆ అడ్డు ఎస్సెమ్మెస్ అనుమతికి వర్తించదు. 15 నుంచే దాన్నీ ఈ జాబితాలో చేర్చారు. మాస్టారి ఫోన్ 13. మెసేజ్‌లు చదవనివ్వాలా అని యాప్ మొదట్లోనే అడిగింది, ఆయన సరే అన్నారు. Permission manager లో SMS తెరిచి చూస్తే, అనుమతి పొందిన వాటిలో RTO Challan పేరు ఉంది. అంటే యాక్సెసిబిలిటీ దొరక్కపోయినా, అప్పటికే ఓటీపీలు చదివే దారి దొరికింది. మూడు చుక్కలు నొక్కి ఉంటే స్క్రీన్ కూడా దాని చేతికి వెళ్లేది.

ముందుగా ఏరోప్లేన్ మోడ్ పెట్టించాను. కొన్ని ఫోన్లలో అది పెట్టినా వైఫై ఆగదు, కాబట్టి వైఫై గుర్తు కూడా పోయిందని ఆయన ఇంటి ల్యాండ్‌లైన్‌లో చెప్పాకే ముందుకెళ్లాం. యాప్ బొమ్మ మెనూలో ఎక్కడా లేదు. ఈ రకం యాప్‌లు తమ బొమ్మను దాచేసుకుంటాయి, మనిషి అది పోయిందనుకుంటాడు. సెట్టింగ్స్‌లో Apps జాబితాలో మాత్రం దొరికింది. అక్కడి నుంచి Uninstall చేయించాను. ఆ బటన్ పనిచేయకపోతే, దానికి డివైస్ అడ్మిన్ అధికారం ఇచ్చేశారేమో చూసి, ముందు అది తీసేయాలి. ఈయన విషయంలో అంతవరకు పోలేదు. తర్వాత డౌన్‌లోడ్స్‌లో, వాట్సాప్ చాట్‌లో ఉన్న ఫైల్ కూడా తీసేశాం. వాట్సాప్‌లో Linked devices తెరిచి, తెలియని పరికరం ఏదీ లేదని చూసుకున్నాం. ఆ యాప్‌లో కార్డు నంబర్, పిన్ లాంటివి ఏమైనా కొట్టారా అని గుచ్చి గుచ్చి అడిగాను. బండి నంబర్, ఫోన్ నంబర్ మాత్రమే ఇచ్చారు. అయినా తమ అమ్మాయి ఫోన్ నుంచి బ్యాంకు వాళ్లకి చేసి, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్పించుకున్నారు. అనుమానం ఉన్న ఫోన్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మార్చడంలో అర్థం లేదు, కొత్తది కూడా దొంగలకే తెలుస్తుంది.

ఇలాంటి స్క్రీన్‌షాట్ వచ్చినప్పుడు జవాబు రాసే ముందు ఆ ఫోటోనే తీరిగ్గా చూడమని నా మనవి. పేజీ పేరు చూడండి, బూడిద రంగులో ఉన్న యాప్ పేరు చూడండి. చలానా యాప్‌కి స్క్రీన్ చదివే పనేముంది? కరెంటు బిల్లు యాప్‌కి, పెళ్లి శుభలేఖకి ఏం పని? పైన అంచున కాల్ నడుస్తున్న గుర్తుందేమో కూడా చూడండి. ఉంటే, అవతల ఎవడో లైన్‌లో ఉండి ‘ఇప్పుడు ఇది నొక్కండి’ అని చెబుతున్నాడేమోనని అనుమానించాలి. ముందు ఆ కాల్ కట్ చేయమనాలి, సెట్టింగ్స్ సంగతి తర్వాత.

అన్ని సందర్భాల్లోనూ ఆ పెట్టె వెనక దొంగే ఉంటాడని అనను. చూపు తక్కువైనవాళ్ల కోసం ఎవరో తయారుచేసిన నిజమైన యాప్ స్టోర్‌లో లేక, ఫైల్‌గా తెచ్చుకుంటే కూడా ఇదే పెట్టె వస్తుంది. అప్పుడు ఆ మూడు చుక్కల దారి న్యాయమైనదే. కానీ ఆ తేడా ఫోటోలో తెలియదు, మనిషిని అడిగితేనే తెలుస్తుంది: ఫైల్ ఎవరిచ్చారు, దేనికోసం వేసుకున్నారు. ఆ రెండు జవాబులు రాకుండా Allow restricted settings అనే మాట గ్రూపులో రాయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఒకరికి రాసినా, అదే స్క్రీన్ దగ్గర ఆగిన ఇంకొకరు దాన్ని చూసి నొక్కేస్తారు. పెట్టె రాలేదు కాబట్టి యాప్ మంచిదే అనుకోవడం కూడా కుదరదు. యాప్ స్టోర్లు వాడే పద్ధతిలోనే యాప్‌ను ఎక్కించి, ఆ అడ్డు పడకుండా తప్పించుకునే దొంగ యాప్‌లు ఉన్నాయి.

మాస్టారి పని అయ్యాక, ఆ ఫైల్ పంపిన హెడ్ మాస్టారికి ఫోన్ చేశాం. తను ఏమీ పంపలేదన్నారు. తీరా చూస్తే, ముందురోజు ఆయనా అదే ఫైల్ నొక్కారు. ఆయన వాట్సాప్ నుంచి కాంటాక్ట్స్‌లో ఉన్న చాలామందికి ఆ ఫైల్ వెళ్లిపోయింది, ఖాతాలో డబ్బులు కూడా కొంత పోయాయి. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఊరుకున్నారట. అప్పటికప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం, బ్యాంకుకి చెప్పించాం, cybercrime.gov.in లో ఫిర్యాదు రాయించాం. డబ్బు పోయాక ఎంత తొందరగా 1930కి చెబితే, అది చేతులు మారకముందే అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫైల్ అందుకున్నవాళ్లందరికీ ఆయన ఇప్పుడు వేరే ఫోన్ నుంచి ఒక్కొక్కరికీ కాల్ చేసి చెబుతున్నారు.