క్యాప్స్ లాక్ మీద నాకున్న కక్ష ఒక యామల్ ఫైల్‌తో మొదలైంది

మాధాపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేసే రోజుల్లో, రాత్రి తొమ్మిదిన్నరకి, సర్వర్‌లో సెట్టింగ్స్ ఉండే ఒక యామల్ ఫైల్‌ని విమ్ ఎడిటర్‌లో తెరిచి ఒక విలువని PROD అని మార్చాల్సి వచ్చింది. నాలుగూ పెద్ద అక్షరాలే కదా అని క్యాప్స్ లాక్ నొక్కి కొట్టాను, చెయ్యి చాచి మూలనున్న ఎస్కేప్ నొక్కాను, కిందకి వెళ్దామని j నాలుగుసార్లు కొట్టి, ఆ లైన్‌ని స్క్రీన్ మధ్యకి తెచ్చుకోడానికి zz కొట్టాను. ఫైల్ మూసుకుపోయింది. సర్వీస్ మళ్ళీ స్టార్ట్ చేస్తే mapping values are not allowed అంటూ ఎర్రర్.

జరిగింది ఇంతే. క్యాప్స్ లాక్ తీయడం మర్చిపోయాను. విమ్‌లో చిన్న j అంటే కిందకి వెళ్ళు, పెద్ద J అంటే కింది లైన్‌ని ఈ లైన్‌కి అతికించు. నాలుగు J లకి ఐదు లైన్లు ఒకే లైనయ్యాయి, ఇండెంటేషనే ప్రాణమైన యామల్‌లో. ఇక చిన్న zz స్క్రీన్‌ని మధ్యకి తెస్తే, పెద్ద ZZ ఫైల్‌ని సేవ్ చేసి బయటికొచ్చేస్తుంది. బయటికొచ్చాక వెనక్కి తీసుకోడానికి అన్‌డూ కూడా లేదు, ఆ సర్వర్‌లో దాన్ని దాచిపెట్టే సెట్టింగ్ ఎవరూ పెట్టలేదు మరి.

ప్రోగ్రామర్లు క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గానో కంట్రోల్‌గానో ఎందుకు మార్చుకుంటారని అడిగితే చాలామంది స్పీడ్ అంటారు, చిటికెన వేలి నొప్పి అంటారు. అవీ నిజమే కానీ నాకు అసలు కారణం వేరు. విమ్‌లో ఇప్పటికే అక్షరాలు కొట్టడానికి ఇన్‌సర్ట్, ఆదేశాలివ్వడానికి నార్మల్ అని మోడ్‌లు ఉన్నాయి, ఎస్కేప్ నొక్కితే నార్మల్‌కి వస్తాం, నేను ఏ మోడ్‌లో ఉన్నానో అది కింద చెబుతుంది. క్యాప్స్ లాక్ అనేది ఆ మోడ్‌ల కింద దాక్కున్న ఇంకో మోడ్. అది ఎడిటర్‌కి తెలీదు, స్క్రీన్ మీద కనబడదు, కీబోర్డు మీద ఒక చిన్న లైట్ వెలుగుతుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అదీ ఉండదు. ఇలాంటి కీని A పక్కన, పొరపాటున వేలు తగిలే చోట పెట్టారు.

మొదట్నుంచీ అది అక్కడ లేదు. విమ్‌కి ముందుతరమైన వీఐ ఎడిటర్‌ని బిల్ జాయ్ ఏ టెర్మినల్ మీద రాశాడో, ఆ ఏడీఎమ్-3ఏ 1976 నాటిది. అందులో A పక్కన కంట్రోల్ ఉండేది, Q పక్కన, అంటే ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట, ఎస్కేప్ ఉండేది. వీఐలో ప్రతి రెండు నిమిషాలకీ ఎస్కేప్ ఎందుకు నొక్కాలో అని విసుక్కునేవాళ్ళకి ఇదే జవాబు, ఆయనకి ఆ కీ వేలికి అందే దూరంలోనే ఉంది. 1981 నాటి ఐబీఎమ్ పీసీలో కూడా A పక్కన కంట్రోలే. తర్వాత వచ్చిన 101 కీల కీబోర్డుతో క్యాప్స్ లాక్ ఆ చోటుకి వచ్చింది, కంట్రోల్ కింది మూలకి పోయింది, ప్రపంచమంతా దాన్నే కాపీ కొట్టింది. కాబట్టి ఇది కొత్త తెలివేమీ కాదు, పోయిన సీటుని మళ్ళీ పట్టుకోవడం.

ఈ కీ మార్పు ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే ఎందుకు చేయాలి, ఎడిటర్‌లోనే మార్చుకోవచ్చు కదా అని మా టీమ్‌లో ఒక తమ్ముడు అడిగాడు. మార్చుకోలేం. టెర్మినల్‌లో క్యాప్స్ లాక్ నొక్కితే ప్రోగ్రామ్‌కి ఏమీ అందదు, తర్వాత వచ్చే అక్షరాలు పెద్దవవుతాయంతే. రాని కీని విమ్ ఎలా మ్యాప్ చేస్తుంది? jk కొడితే ఎస్కేప్ అయ్యేలా విమ్ సెట్టింగ్స్ ఫైల్ .vimrc లో పెట్టుకునేవాళ్ళున్నారు, బాగానే పనిచేస్తుంది, కానీ ఆ ఫైల్ నా మెషిన్‌లో ఉంటుంది, కొత్త సర్వర్‌లో ఉండదు. అదే నా ల్యాప్‌టాప్‌లోనే కీ మారిందనుకోండి, నేను ఎన్ని సర్వర్‌లలోకి వెళ్ళినా వాటికి అందేది మామూలు ఎస్కేప్, అంటే 27 అనే ఒక్క బైట్. అక్కడ ఏమీ ముట్టుకోనక్కర్లేదు.

ఎస్కేపా, కంట్రోలా అన్నది చేసే పనిని బట్టి. రోజంతా విమ్‌లో ఉంటే ఎస్కేప్. ఈమాక్స్ ఎడిటర్ వాడేవాళ్ళకీ, టెర్మినల్‌లో కంట్రోల్+A, కంట్రోల్+R అంటూ బతికేవాళ్ళకీ కంట్రోల్. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే ఆస్కీలో [ విలువ 91, టెర్మినల్‌లో కంట్రోల్ పట్టుకుంటే అందులోంచి 64 పోయి 27 మిగులుతుంది, అది ఎస్కేపే. అంటే క్యాప్స్ లాక్‌ని కంట్రోల్ చేసుకున్నవాడికి క్యాప్స్+[ రూపంలో ఎస్కేప్ కూడా దగ్గరికొచ్చేస్తుంది. నేను మాత్రం ఒక్క కీతో అయిపోయే ఎస్కేప్ వైపే.

లినక్స్‌లో ఎక్స్ అనే డిస్‌ప్లే సిస్టమ్ మీద అయితే `setxkbmap -option caps:escape` చాలు, కంట్రోల్ కావాలంటే `ctrl:nocaps`. మ్యాక్‌లో సెట్టింగ్స్‌లో కీబోర్డు షార్ట్‌కట్స్ కింద మాడిఫైయర్ కీస్‌లో ఉంటుంది, కాకపోతే ఒక్కో కీబోర్డుకి విడిగా పెట్టాలి. సికింద్రాబాద్ సీటీసీలో కొత్త కీబోర్డు కొని తగిలించి, ఇదేంటి పనిచేయట్లేదు అని నేను అరగంట తల గోక్కున్నది దీనివల్లే. విండోస్‌లో కాస్త పని ఉంది, కింది ముక్కని .reg ఫైల్‌గా దాచి రన్ చేయాలి:

```
Windows Registry Editor Version 5.00

[HKEY_LOCAL_MACHINE\SYSTEM\CurrentControlSet\Control\Keyboard Layout]
"Scancode Map"=hex:00,00,00,00,00,00,00,00,02,00,00,00,01,00,3a,00,00,00,00,00
```

ఇందులో 3a అంటే క్యాప్స్ లాక్, దాని ముందున్న 01 అంటే ఎస్కేప్. కంట్రోల్ కావాలంటే ఆ 01 బదులు 1d. ముందున్న 02 ఎంట్రీల లెక్క, మన మార్పు ఒకటి, చివర సున్నాల ఎంట్రీ ఒకటి. రీస్టార్ట్ చేస్తే గానీ పనిచేయదు. చేశాక కూడా మారలేదంటే మొదట చూడాల్సింది ఆ దారి పేరు, దాని పక్కనే Keyboard Layouts అని ఇంకోటి ఉంటుంది, చాలామంది అందులో పెట్టేస్తారు. అడ్మిన్ హక్కుల్లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇది కుదరదు, ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టి కూర్చోవాల్సిందే.

నేను రెండు కీలనీ అటూ ఇటూ మార్చను, క్యాప్స్ లాక్‌ని పూర్తిగా తీసేస్తాను, మూలనున్న ఎస్కేప్‌ని అలాగే ఉంచుతాను. మరి కాన్‌స్టెంట్ పేర్లు పెద్ద అక్షరాల్లో రాయాలంటే? చిన్నవిగా కొట్టి, పదం మీద gUiw అంటే అయిపోతుంది.

తెలుగు రాసేవాళ్ళకి ఇంకో లాభం ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్టీఎస్ పద్ధతిలో t అంటే త, T అంటే ట. n న, N ణ. క్యాప్స్ లాక్ పడి ఉంటే త కొట్టినచోటల్లా ట పడుతుంది, తాతగారి గురించి రాయబోతే ఆయన టాటా చెప్పేస్తాడు. ఇన్‌స్క్రిప్ట్ వాళ్ళకి వేరే చిక్కు, ఆ లేఅవుట్‌లో j, k కీల మీద ర, క ఉంటాయి, .vimrc లో పెట్టిన jk చిట్కా అక్కడ రక అని పడి ఊరుకుంటుంది. క్యాప్స్ మీది ఎస్కేప్‌కి ఆ గొడవ లేదు, లేఅవుట్ ఏదైనా ఎస్కేప్ ఎస్కేపే. కానీ నార్మల్ మోడ్‌కి వచ్చాక లేఅవుట్‌ని ఇంగ్లిష్‌కి మార్చకపోతే j కొట్టినా ర వెళ్తుంది, విమ్ కదలదు. దాన్ని ఈ మార్పు తీర్చదు.

ఇది తీర్చనిది ఇంకోటుంది, ఇదే పెద్దది. వేలికి అలవాటైపోయాక పక్కవాడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే నేను ఎస్కేప్ అనుకుని నొక్కేది నిజం క్యాప్స్ లాక్. ఇన్‌సర్ట్ మోడ్‌లోంచి బయటికి రాను, పైగా క్యాప్స్ ఆన్ అవుతుంది, తర్వాత కొట్టిన jjjj కాస్తా ఫైల్‌లో JJJJ అని పడుతుంది. అది చూసి కంగారులో మూలనున్న ఎస్కేప్ నొక్కి మళ్ళీ j కొడితే ఇక మొదటి కథే. అందుకని వేరేవాళ్ళ మెషిన్‌లో నేను టైప్ చేయను, పక్కన కుర్చీ వేసుకుని "కిందకి, ఇంకా కిందకి, అదిగో ఆ లైన్" అని చెబుతాను.